మెట్ట మొక్కజొన్నకు రోజువారీ నీటి లెక్క: షీట్‌లో 62 మి.మీ. ఉంది, చేనులో ఆకులు చుట్టుకుంటున్నాయి

రమణ_చీపురుపల్లి

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర ఎర్రనేల గరువు. ఎకరంన్నరలో మొక్కజొన్న వేశాం, బోరు లేదు, వాన మీదే ఆధారం. ఇప్పుడు పూత అయిపోయి పీచు వస్తోంది. నాన్నకు చెప్పి విత్తిన రోజు నుంచీ ఫోన్‌లో ఒక షీట్ నడుపుతున్నాను. వాన కలుపుతాను, పంట వాడే నీరు తీసేస్తాను, మిగిలింది నిల్వ.

ఆగస్టు 5 సాయంత్రానికి నిల్వ 22 మి.మీ. ఆ తర్వాత వానలు ఇలా పడ్డాయి: 6న 18, 7న 78, 8న 24, 9న 3. మొత్తం 123. పదో తేదీ నుంచి చినుకు లేదు. ఆవిరి రూపంలో పోయే నీరు, అంటే ఈటీ, రోజుకు 4.6 మి.మీ. వస్తోంది, ఈ దశకు పంట గుణకం కేసీ 1.2 పెట్టాను, అంటే రోజుకు 5.5 మి.మీ. ఇరవయ్యో తేదీకి 22 + 123 − 82.5 = 62.5 మి.మీ. ఉండాలి.

కానీ 16 నుంచే మధ్యాహ్నం ఆకులు చుట్టుకుంటున్నాయి. ఈరోజు 20. పొద్దున్న ఎనిమిదింటికి కూడా కింది ఆకులు పూర్తిగా విచ్చుకోలేదు. లెక్కలో నీళ్ళున్నాయి, చేనులో లేవు. ఎక్కడ చూడాలి?

కిరణ్_విజయనగరం

రమణా, పడిన వానంతా పంటకు అందదు. ప్రభావిత వర్షపాతం అని ఒకటి ఉంటుంది. మామూలుగా వానలో 75 శాతమే తీసుకుంటారు. వాన కాలమ్‌ని 0.75తో గుణించు, సరిపోతుంది. మా ప్రాజెక్టు రిపోర్టులన్నిటిలో ఇలాగే చేశాం.

రమణ_చీపురుపల్లి

చేసి చూశాను కిరణ్ అన్నా. 123లో 75 శాతం అంటే 92. అప్పుడు ఇరవయ్యో తేదీకి దాదాపు 32 మి.మీ. మిగులుతుంది. ఇదీ బెట్ట చూపించడం లేదు.

పాపారావు_రాజాం

బాబూ, మాది వరి. ఎనిమిదో తేదీ వానకి మడిలో నాలుగు అంగుళాలు నిలిచింది, ఇప్పటికీ అడుగున బురద ఉంది. నువ్వు గట్లు సరిగ్గా వెయ్యలేదేమో చూసుకో. గట్టు బాగుంటే 78 మి.మీ. వాన ఎక్కడికి పోతుంది? మాకు వరికి కూడా ఈ షీట్ పనికొస్తుందా?

నీటిలెక్క

రమణా, మీ షీట్ బాగానే మొదలైంది. ఒక్కటే లోపించింది, నేలని నీళ్ళ బకెట్ అనుకుంటే మీ బకెట్‌కి అంచు లేదు. మీ లెక్క ప్రకారం ఎనిమిదో తేదీ సాయంత్రం నిల్వ ఎంత? 22 + 18 + 78 + 24 లోంచి మూడు రోజుల ఖర్చు 16.5 తీస్తే 125.5. మీ నేల అంత నీరు పట్టుకోగలదా? ముందు తేల్చుకోవాల్సింది అదే. వానలో ఎంత శాతం అనేది తర్వాత.

ఎర్ర ఇసుకపాటి నేల మీటరు లోతులో పంటకు అందే నీరు 110 నుంచి 150 మి.మీ. వరకు ఉంటుందని పంటల నీటి అవసరాల పుస్తకం ఎఫ్‌ఏఓ-56లోని పట్టిక చెబుతుంది. మీకు 120 అనుకుందాం. వేర్లు ఎంత లోతు దిగాయి? మొక్కజొన్నకు ఆ పుస్తకంలో మీటరు పైనే రాసి ఉంటుంది. అది అడ్డులేని లోతైన నేలకు. మీ వైపు గరువుల్లో చాలాచోట్ల జానెడు రెండు జానల కిందే గరప తగులుతుంది. 50 సెంటీమీటర్లే అనుకుంటే బకెట్ 60 మి.మీ. అంతే. దానికి మించి పడింది పొర్లిపోతుంది, లేదా కిందికి దిగిపోతుంది. పదో తేదీ తర్వాత అది మీ పంటకు లేనట్టే.

రెండోది, 60 ఉంటే 60ని ఒకే వేగంతో వాడుకోదు పంట. దాదాపు సగం వరకు సులువుగా తీసుకుంటుంది. సగం కిందికి వచ్చాక నేల నీటిని గట్టిగా పట్టుకుంటుంది, పంట తీసుకోవడం తగ్గుతుంది. కాబట్టి 30 కంటే తక్కువున్న రోజు 5.5 మొత్తం తీసేయకూడదు. నిల్వను 30తో భాగిస్తే వచ్చే వాటా మేరకే తీయాలి.

కిరణ్ గారు చెప్పింది నెల లెక్కకో, సీజన్ ప్లానింగ్‌కో పనికొస్తుంది. రోజువారీ షీట్‌లో అది రెండు వైపులా తప్పుతుంది. తొమ్మిదో తేదీ 3 మి.మీ.లో ఒక్క చుక్క కూడా పొర్లలేదు, దాన్ని ఊరికే 2.25 చేశారు. ఏడో తేదీ 78లో సగానికిపైగా పోయింది, దాన్ని 58గా ఉంచారు. నష్టం వాన మీద ఆధారపడదు, వాన పడేటప్పటికి బకెట్‌లో ఎంత ఖాళీ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

కిరణ్_విజయనగరం

నిజమే, మా రిపోర్టులు నెలవారీవే. అయితే పొర్లింది ఎంత, కిందికి దిగింది ఎంత అని విడదీయడానికి, నేలను బట్టి వానలో ఎంత పొర్లుతుందో చెప్పే కర్వ్ నంబర్ కావాలి కదా. అది తెలియకుండా రోజువారీ లెక్క ఎలా నమ్ముతారు? 78 మి.మీ. ఒక గంటలో పడటం వేరు, రాత్రంతా పడటం వేరు.

నీటిలెక్క

మంచి ప్రశ్న. షీట్‌లో పెట్టి చూద్దాం. కర్వ్ నంబర్ 80 తీసుకున్నాను, గట్లున్న చేనుకు ఇది కాస్త ఎక్కువే కావచ్చు. మూడో వరుస నుంచి ఈ సూత్రాలు. J2 లో ముందు రోజు నిల్వ 22 ఉంటుంది. B వాన, C ఈటీ, D కేసీ.

```
E3: =IF(B3>12.7,(B3-12.7)^2/(B3+50.8),0)
F3: =J2+B3-E3
G3: =MAX(0,F3-60)
H3: =MIN(1,(F3-G3)/30)
I3: =H3*C3*D3
J3: =F3-G3-I3
```

E పొర్లింది, G వేర్ల కిందికి దిగింది, I పంట నిజంగా తీసుకున్నది, J సాయంత్రానికి మిగిలింది. వరుస ముఖ్యం: ముందు వాన, తర్వాత అంచు, ఆ తర్వాతే ఖర్చు.

6న 18లో పొర్లింది అరమిల్లీమీటరు లోపే. సాయంత్రానికి నిల్వ 34.

7న 78లో 33 పొర్లింది, 45 లోపలికి వెళ్ళింది. 34కి 45 కలిస్తే 79. బకెట్ 60. మిగతా 19 కిందికి. ఆరోజు ఖర్చు పోగా 54.5.

8న 24లో 22 లోపలికి వెళ్ళింది. చోటు 5.5 మాత్రమే ఉంది. దాదాపు 17 మళ్ళీ కిందికే. సాయంత్రానికి మళ్ళీ 54.5.

9న 3 పడింది, నిల్వ 52. అక్కడి నుంచి రోజుకు 5.5 చొప్పున తగ్గుతూ 13 సాయంత్రానికి సరిగ్గా 30, 14కి 24.5. బెట్ట 15న మొదలైంది. ఆరోజు పంట తీసుకున్నది 4.5, 16న 3.7, 17న 3.0. ఇరవయ్యో తేదీకి నిల్వ 7, పంట తీసుకున్నది 1.6. కావలసిన దాంట్లో మూడో వంతు కూడా కాదు.

మీకు ఆకులు చుట్టుకోవడం 16న కనిపించింది. లెక్క 15 అంటోంది.

ఇప్పుడు కిరణ్ గారి సందేహం. E కాలమ్ మొత్తం సున్నా పెట్టి చూడండి, అంటే ఒక్క చుక్కా పొర్లలేదనుకోండి. ఏడో తేదీ 34 + 78 = 112, అంచు 60, కాబట్టి 52 కిందికి. సాయంత్రానికి మళ్ళీ అదే 54.5. ఇరవయ్యో తేదీ అంకె మారదు. ఈ వానలకి, ఈ లోతుకి, కర్వ్ నంబర్ మీద వాదన వల్ల పంటకు తేడా లేదు. గట్టు మీంచి పోయినా, వేర్ల కిందికి పోయినా మొక్కకు అందనిది అందనిదే. చెరువుకి ఎంత చేరింది, భూగర్భ జలం ఎంత పెరిగింది అని అడిగితే మాత్రం అది పెద్ద విషయం.

పాపారావు గారూ, మీ వరికి ఇది ఇలాగే కుదరదు. మడిలో గట్టు ఎత్తు వరకు నిలిచే నీరు నేల బకెట్ పైన ఇంకో బకెట్. దమ్ము చేసిన అడుగు వల్ల కిందికి దిగడం కూడా రోజుకు ఇంత అని నెమ్మదిగా ఉంటుంది. దానికి వేరే దారం తెరవండి, రాస్తాను. రమణ గారికి మాత్రం గట్టు ఎంత ఎత్తు వేసినా ఆ వారం ఫలితం ఇదే.

రమణ_చీపురుపల్లి

చాలా థాంక్స్ మాస్టారూ. పెట్టి చూశాను, అవే అంకెలు వచ్చాయి. పొర్లింది 35, కిందికి దిగింది 36. మొత్తం 71 మి.మీ. పోయింది. నాలుగు రోజుల వానలో మాకు దక్కింది 52 మాత్రమే.

లెక్క ఎక్కడైనా తప్పిందేమో ఎలా తెలుస్తుంది? ఒక సెల్ మారితే అన్నీ మారిపోతున్నాయి.

నీటిలెక్క

కింద ఒక సెల్ పెట్టుకోండి. మొదటి నిల్వకు వాన మొత్తం కలిపి, పొర్లింది, దిగింది, పంట తీసుకున్నది, చివరి నిల్వ తీసేయండి. సున్నా రావాలి. మీది 22 + 123 − 71 − 66.7 − 7.3. సున్నాయే. దశాంశాల తేడా కాకుండా ఇంకేదైనా వస్తే ఏదో కాలమ్ ఒక వరుస కిందికో పైకో జరిగి ఉంటుంది.

అయితే ఆ సున్నా వచ్చినంత మాత్రాన అంకెలు నిజమని కాదు. కూడికలు సరిగ్గా ఉన్నాయని మాత్రమే. 60 తప్పయితే సున్నా వస్తూనే తప్పు జవాబు వస్తుంది.

సురేష్_డేటా

ఒక మాట. వాతావరణ శాఖ రోజు వాన అంటే ముందు రోజు ఉదయం 8.30 నుంచి ఈరోజు ఉదయం 8.30 వరకు పడింది. ఏడో తేదీ 78 అని రాసిన దాంట్లో ఎక్కువ భాగం ఆరో తేదీ రాత్రి పడి ఉంటుంది. కాబట్టి వాన కాలమ్ మొత్తాన్ని ఒక రోజు వెనక్కి జరపాలి. లేకపోతే లెక్కంతా తప్పే.

నీటిలెక్క

8.30 మాట నిజం. జరపడం మాత్రం అక్కర్లేదు. పై షీట్‌లో వానని ముందు కలిపి, ఖర్చు తర్వాత తీస్తున్నాం. ఏడో తేదీ 8.30కి గేజీలో ఉన్న నీరు ఏడో తేదీ ఎండ ఎక్కేలోపు నేలలో ఉంది. పంట ఖర్చంతా పగటి పూటే. కాబట్టి 8.30 కొలత ఈ వరుసకి సరిగ్గా సరిపోతుంది. వెనక్కి జరిపితే ఆరో తేదీ పగలు పంటకు లేని నీటిని ఇచ్చినట్టవుతుంది.

అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కేసే ఉపగ్రహ డేటా తెచ్చి ఈ రెండింటినీ కలిపితే తేడా వస్తుంది. వాన ఒకచోటి నుంచి, ఈటీ ఒకచోటి నుంచి తెచ్చేవాళ్ళు ఏ రోజు ఎప్పుడు మొదలవుతుందో ముందు చూసుకోవాలి. సురేష్ గారు ఆ విషయం ఎత్తడం మంచిదైంది.

లక్ష్మి_రణస్థలం

రమణ గారూ, మీ 4.6 ఎక్కడిది? మాకు దగ్గరలో ఆవిరి కొలిచే పాన్ లేదు, గాలి కొలత లేదు.

రమణ_చీపురుపల్లి

అక్కా, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు మాత్రమే పెట్టే హార్‌గ్రీవ్స్ సూత్రం వాడాను. 33, 26 డిగ్రీలు. మన అక్షాంశానికి ఆగస్టులో వాతావరణం పైన పడే సౌరశక్తి నీటి లెక్కలో రోజుకు సుమారు 16 మి.మీ.

```
=0.0023*(29.5+17.8)*SQRT(33-26)*16
```

4.6 వచ్చింది.

నీటిలెక్క

సరిపోతుంది. గాలిలో తేమ ఎక్కువున్న చోట ఆ సూత్రం కాస్త ఎక్కువ చూపుతుంది, రణస్థలం లాంటి సముద్రం దగ్గరి మండలాల్లో ఆ అనుమానం ఇంకా ఉంటుంది. కానీ రమణ గారి చేనులో ఖర్చుని 5.5 బదులు 5.0 చేసి చూడండి. 14 సాయంత్రానికి 28 ఉంటుంది, బెట్ట మొదలయ్యేది మళ్ళీ 15నే. కాకపోతే మెల్లగా.

అదే బకెట్ లోతు 50 బదులు 80 సెంటీమీటర్లు చేయండి. అంచు 96, సగం 48. అప్పుడు బెట్ట మొదలయ్యేది 18న. ఇరవయ్యో తేదీకి 30 మి.మీ. మిగిలి ఉంటుంది. ఈటీలో దశాంశాల కోసం రాత్రుళ్ళు కూర్చునే కంటే ఒక గుంట తవ్వడం మేలని అందుకే చెబుతాను.

లక్ష్మి_రణస్థలం

మేం పోయినేడు ఇది చేశాం, చెబుతాను. మాది చోడి, గోగు. ల్యాబ్‌కి పంపలేదు.

బాగా వాన పడ్డాక చేనులో మీటరు చదరం మీద పాలిథిన్ కప్పి అంచులకి మట్టి పెట్టాం, ఎండకి ఆవిరి కాకుండా. రెండు రోజులాగాం, పైనున్న అదనపు నీరు దిగిపోవడానికి. తర్వాత రెండు వైపులా మూత తీసిన అరలీటరు డబ్బాని మట్టిలోకి కదలకుండా దించి, నిండుగా తీసి తూచాం. 850 గ్రాములు. ఒవెన్ ఉన్న కాలేజీలో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్ళీ తూస్తే 740. రెండు బరువుల్లోంచీ డబ్బా బరువు తీసేశాను. తేడా 110 గ్రాములంటే 110 మిల్లీలీటర్ల నీరు, 500 మిల్లీలీటర్ల మట్టిలో. 22 శాతం.

మొక్క తీసుకోలేక వదిలేసే నీరు ఎంతో మాకు కొలిచే దారి లేదు. పట్టిక చూసి 10 శాతం అనుకున్నాం. మిగిలిన 12 శాతం అంటే మీటరుకు 120 మి.మీ.

నీటిలెక్క

లక్ష్మి గారూ, చాలా శుభ్రంగా చేశారు. ఒక్క జాగ్రత్త: మట్టి తీసేటప్పుడు డబ్బా లోపల నొక్కుకుపోతే ఘనపరిమాణం తప్పుతుంది. డబ్బా లోపల మట్టి మట్టం, బయట నేల మట్టం ఒకటేనా అని చూడాలి. 15 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 35 దగ్గర ఒకటి తీస్తే ఇంకా మంచిది.

లక్ష్మి_రణస్థలం

గరప ముక్కలు డబ్బాలో పడితే ఏం చెయ్యాలి? రాయి నీరు పట్టదు కదా. మాకు కింది పొరలో ఐదో వంతు రాళ్ళే.

నీటిలెక్క

రాళ్ళతో సహా తీసి తూస్తే ఆ తగ్గింపు కొలతలోనే వచ్చేస్తుంది, మళ్ళీ తీయకూడదు. రాళ్ళు ఏరేసి మెత్తని మట్టికే తూస్తే మాత్రం ఐదో వంతు తగ్గించాలి. 120 కాస్తా 96 అవుతుంది. కానీ మన గరపల్లో కొన్ని రంధ్రాలున్న మెత్తని ముక్కలు. అవి కొంత నీరు పట్టుకుంటాయి. దాంట్లోంచి మొక్కజొన్న వేరు ఎంత తీసుకోగలదో నేను గట్టిగా చెప్పలేను.

కిరణ్_విజయనగరం

మరి విత్తనం వేసినప్పుడు వేరు ఐదు సెంటీమీటర్లు కూడా ఉండదు. మొదటి రోజు నుంచీ 60 బకెట్ పెడితే ఎలా?

నీటిలెక్క

పెట్టకూడదు. మొదట్లో 15 సెంటీమీటర్లతో, అంటే 18 మి.మీ.తో మొదలుపెట్టి పూత నాటికి పూర్తి లోతుకి పెంచుతూ పోవాలి. ఇందులో జనం వదిలేసేది ఒకటుంది. వేరు ఇవాళ ఒక సెంటీమీటరు కిందికి దిగితే అంచు 1.2 పెరుగుతుంది. ఆ సెంటీమీటరు మట్టిలో అప్పటికే ఉన్న నీరూ నిల్వలో కలవాలి. అది కలపకుండా అంచు మాత్రమే పెంచితే వాన లేని రోజుల్లో పంట ఊరికే ఎండినట్టు కనిపిస్తుంది. కింది మట్టి తడిగా ఉందా పొడిగా ఉందా అనేది ముందు వానల్లో G కాలమ్ ఎంత దించిందో చూస్తే అర్థమవుతుంది.

ఇంకో సంగతి, మొదటి మూడు వారాలు కేసీ 0.3 అని పట్టిక చెబుతుంది. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో రెండు మూడు రోజులకోసారి చినుకు పడుతుంటే ఖాళీ నేల మీంచే చాలా ఆవిరవుతుంది. 0.3 అప్పుడు బాగా తక్కువ. తడి ఎంత తరచుగా పడుతోందో చూసి పెంచుకోవాలి.

పాపారావు_రాజాం

ఇదంతా సరే బాబూ, ఇప్పుడు ఆ చేనుకి ఏటి చెయ్యాల? లెక్క తెలిసి లాభమేటి, నీళ్ళు లేకపోతే?

రమణ_చీపురుపల్లి

పాపారావు గారూ, చేను మూలన నీటి కుంట ఉంది, ఏడో తేదీ వానకి నిండింది. ఇంజను అద్దెకు తేవాలి. నాన్న ఇంకో వాన చూద్దాం అంటున్నారు. పీచు దశ కదా, నాకు టెన్షన్‌గా ఉంది.

నీటిలెక్క

ఎంత పెట్టాలో షీట్ చెబుతుంది. నిల్వ 7, సగం గీత 30. ఆ గీత దాటాలంటే 23 కావాలి, 25 అనుకోండి. ఎకరానికి 25 మి.మీ. అంటే దాదాపు లక్ష లీటర్లు. ఎకరంన్నరకి లక్షన్నర. సాళ్ళలో పారించేటప్పుడు పోయేది వేరే. కుంటలో అంత ఉందో లేదో పొడవు, వెడల్పు, లోతు కొలిచి చూసుకోండి. చాలకపోతే చేనంతా పలచగా తడపకండి. గరప పైకి ఉన్న భాగానికి ముందు పెట్టండి, అక్కడ బకెట్ చిన్నది, ముందు ఎండేది అదే. ఈ 25 పెట్టినా గీత పైన రెండు మి.మీ.లే ఉంటాయి, కాబట్టి రెండో రోజు నుంచే మళ్ళీ తగ్గుతుంది. పీచు దశ దాటించడానికి అది.

వాన కోసం ఆగాలా అనే దాని మీద మీ నాన్నగారితో నేను వాదించను. ఒకటి మాత్రం చెబుతాను: ఇప్పుడు 25 పెట్టాక రేపే 20 మి.మీ. వాన పడినా అది వృథా కాదు. బకెట్‌లో ఇంకా చోటు ఉంటుంది.

కిరణ్_విజయనగరం

నాకు ఒక్కటి కుదరడం లేదు. సగం గీత దగ్గర బెట్ట మొదలవుతుందని అంటున్నారు. మొక్కజొన్న సులువుగా తీసుకునే వాటా పట్టికలో 0.55 ఉంది, 0.5 కాదు. పైగా నేల తడిగా ఉన్నా మండే మధ్యాహ్నం ఆకులు చుట్టుకుంటాయి. 16వ తేదీ చుట్టుకోవడం లెక్కకు రుజువు ఎలా అవుతుంది?

నీటిలెక్క

16వ తేదీ మధ్యాహ్నం ఒక్కటే అయితే రుజువు కాదు, ఒప్పుకుంటాను. ఈరోజు పొద్దున్న కూడా విచ్చుకోలేదన్నారు చూడండి, అది నేల ఎండడమే. 0.55 అంటే గీత 27కి దిగుతుంది, బెట్ట మొదలయ్యేది 15నే. ఖర్చు రోజుకు 5 దాటితే ఆ పుస్తకమే దాన్ని కొంచెం తగ్గించమంటుంది కాబట్టి 0.5 దగ్గర ఉంచాను.

రమణ_చీపురుపల్లి

సాయంత్రం రెండుచోట్ల గుంట తవ్వాం. కుంట వైపు 55 సెంటీమీటర్ల దగ్గర గరప. రోడ్డు వైపు 40కే తగిలింది, వేర్లు అక్కడ పక్కకి తిరిగాయి. రెండు షీట్‌లు చేశాను, 66 అంచుతో ఒకటి, 48 అంచుతో ఒకటి. రోడ్డు వైపు షీట్ 13కే బెట్ట మొదలైందంటోంది. నాన్న చూసి, అటు వైపు చేను ముందు వాడిందని పద్నాలుగునే అన్నాను కదా అన్నారు. రేపు పొద్దున్న ఇంజను వస్తోంది, ముందు అటు వైపే పెడతాం.

లక్ష్మి_రణస్థలం

మంచిది తమ్ముడూ. నీ వాన అంకెలు మండలం గేజీవా, చేనులోవా? మాకు పోయినేడు మండలంలో 40 పడిన రోజు మా చేనులో పది కూడా లేదు. నీ 78కి అంచు ఉంది కాబట్టి తేడా రాలేదు, తొమ్మిదో తేదీ 3 లాంటివి, రాబోయే చిన్న వానలు మాత్రం నేరుగా లెక్కలోకి వస్తాయి. ప్లాస్టిక్ గేజీ ఒకటి చేనులో పాతుకుంటే వచ్చే కార్తె నుంచి నీ అంకె నీకు ఉంటుంది.

రమణ_చీపురుపల్లి

మండలం స్టేషన్‌దే అక్కా. గేజీ ఈ వారమే కొంటాను. చెట్ల నీడకి ఎంత దూరంలో పెట్టాలో చెప్పండి, మా గట్టు మీద తాటిచెట్లు వరసగా ఉన్నాయి.